జీవామృతం పదిహేను రోజులకా, నెలకా? ఎనిమిది చిన్న మడుల్లో లెక్క ఎలా రాశామంటే

వీడియోలో మీరు మడులు, గట్లు, కర్రలకు కట్టిన గుడ్డపీలికలు చూసి ఉంటారు. నేను చేతిలో పుస్తకం పట్టుకుని దుబ్బుల మధ్య వంగి ఏం లెక్కపెడుతున్నానో అందులో వివరంగా చెప్పడానికి వీలుపడలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. నేను బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది విద్యార్థిని. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా విజయనగరం జిల్లాలో ఒక ప్రకృతి వ్యవసాయ రైతు పొలంలో ఖరీఫ్ వరి మీద చిన్న పరీక్ష పెట్టాం. పెట్టడం ఒక రోజు పని. దాన్ని నూరు రోజులు సరిగ్గా రాసుకోవడమే అసలు పని.

ఆ రైతమ్మను నేను పిన్ని అని పిలిచేదాన్ని. ఆవిడకు కౌలుతో కలిపి రెండెకరాల వరి, ఒక ఆవు. భర్త పనికోసం బయటి ఊళ్లో ఉంటారు. ఎకరాకు 200 లీటర్ల ద్రవజీవామృతం చొప్పున, పదిహేను రోజులకోసారి రెండెకరాలకు 400 లీటర్లు కలపాలి, మోయాలి, పారించాలి. అంతా ఒక్క మనిషే. ఆవిడ నన్ను అడిగింది ఒకటే: "పదేను రోజులకోసారి ఇవ్వకపోతే పంట తగ్గిపోద్దా? నెలకోసారి ఇస్తే సాలదా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పొలంలోనే అడగాలి. అయితే పొలం ఇచ్చే జవాబు మన ఇష్టాన్ని బట్టి మారిపోకుండా రాసుకోవడం ఎలాగో తెలిసి ఉండాలి.

మడులు వేసిన తీరు

నాట్లకు ముందే పిన్ని ఒక మాట చెప్పింది. "ఆ మూల ఎప్పుడూ నల్లగా, ఏపుగా ఉంటాది. అక్కడ పెంటపోగు ఉండేది." పరీక్షకు ఇంతకంటే విలువైన సమాచారం ఉండదు. పొలం ఒక వైపు సారం ఎక్కువ, మరో వైపు తక్కువ. పదిహేను రోజుల పద్ధతిని మొత్తం ఆ మూల పెట్టి, నెల పద్ధతిని మొత్తం ఈ చివర పెడితే, చివరికి మనం కొలిచేది జీవామృతాన్ని కాదు, పాత పెంటపోగును.

అందుకని జతలు వేశాం. సారం ఎక్కువున్న మూల నుంచి తక్కువున్న చివరి వరకు నాలుగు జతలు. ప్రతి జతలో పక్కపక్కనే రెండు మడులు, ఒక్కొక్కటి 5 మీటర్లు × 4 మీటర్లు. జతలో ఏ మడికి పదిహేను రోజుల పద్ధతి, ఏ మడికి నెల పద్ధతి అన్నది రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చాం. పిన్నికి ఇది మొదట నవ్వు తెప్పించింది. కానీ మనం ఎంచితే, తెలియకుండానే మనకు నచ్చిన పద్ధతికి మంచి మడి ఇచ్చేస్తాం. బిళ్లకు ఇష్టాలు ఉండవు కదా.

రకం ఎంటీయూ 1121, మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి. తాడు పట్టి 20 × 20 సెంటీమీటర్ల దూరంలో నాటాం. ఆఖరి దుక్కిలో ఎకరాకు 400 కిలోల లెక్కన, మడికి 2 కిలోల ఘనజీవామృతం అన్నింటికీ సమానంగా వేశాం. ద్రవజీవామృతం ఎకరాకు 200 లీటర్లంటే 20 చదరపు మీటర్ల మడికి దాదాపు ఒక లీటరు. దాన్ని పది లీటర్ల నీటిలో కలిపి పోశాం. పదిహేను రోజుల మడులకు నాటిన 15, 30, 45, 60, 75వ రోజుల్లో, అంటే ఐదుసార్లు. నెల మడులకు 15, 45, 75వ రోజుల్లో, మూడుసార్లు. 30, 60వ రోజుల్లో నెల మడులకు పది లీటర్ల మామూలు నీళ్లు పోశాం. రెండింటి మధ్య తేడా జీవామృతం ఒక్కటే కావాలి, నీళ్లు కాదు.

వరిలో ఇలాంటి పరీక్ష చెడిపోయేది ఎక్కువగా నీటి దగ్గరే. మడి నుంచి మడికి నీరు పారితే పై మడికి పోసిన జీవామృతం కింది మడికి చేరిపోతుంది. అప్పుడు రెండు మడులూ ఒకేలా కనిపిస్తాయి. చూసేవాళ్లు రెండు పద్ధతులకూ తేడా లేదనుకుంటారు, నిజానికి తేడా కొట్టుకుపోయి ఉంటుంది. అందుకే ప్రతి మడికీ సొంత గట్టు వేసి, రెండు గట్ల మధ్య అరమీటరు బోదె తీశాం. ప్రతి మడీ బోదె నుంచే నీరు తీసుకుంటుంది. జీవామృతం పోసిన రెండు రోజులు మడవలు మూసేస్తాం. రోజూ పొద్దున్న గట్టు మీద ఒక చుట్టు తిరిగి ఎండ్రకాయ బొరియలు, ఎలుక బొరియలు చూడటం కూడా పరీక్షలో పనే. బొరియ కనిపిస్తే పూడ్చి, ఏ మడి, ఏ తేదీ అన్నది రాస్తాం. బోదెలు, గట్లతో కలిపి మొత్తం పట్టింది ఆరు సెంట్లు.

ఏ దుబ్బు లెక్కపెట్టాలి?

ఒక మడిలో దాదాపు 500 దుబ్బులు ఉంటాయి. అన్నీ లెక్కపెట్టలేం. పది దుబ్బులు తీసుకుని పంట అయ్యేవరకు అవే చూస్తాం. ఆ పది ఏవన్నదే కీలకం.

ముందు అంచులు వదిలేయాలి. గట్టు పక్క, బోదె పక్క వరుసలకు ఒకవైపు పోటీ ఉండదు. వెలుతురు, గాలి, వేళ్లకు చోటు ఎక్కువ దొరుకుతాయి. అందుకే అవి ఎప్పుడూ ఏపుగా ఉంటాయి. మా మడికి 20 వరుసలు, వరుసకు 25 దుబ్బులు. నాలుగు వైపులా రెండేసి వదిలేస్తే లోపల 16 వరుసలు, వరుసకు 21 దుబ్బులు మిగిలాయి. అంటే 336 దుబ్బులు, 3.2 × 4.2 మీటర్లు, 13.44 చదరపు మీటర్లు. దీన్నే కోత మడి అనుకోండి. లెక్కలన్నీ ఇందులోవే.

తర్వాత రెండు డబ్బాల్లో చీటీలు వేశాం. ఒకదానిలో 1 నుంచి 16, ఇంకోదానిలో 1 నుంచి 21. ఒక్కో డబ్బాలోంచి ఒక చీటీ. ఐదు, ఏడు వస్తే ఐదో వరుసలో ఏడో దుబ్బు. ఇలా మడికి పది జతల అంకెలు ఇంట్లోనే కూర్చుని తీసి, పుస్తకంలో రాసుకుని, అప్పుడు పొలానికి వెళ్లాం. దుబ్బు పక్కన వెదురుపుల్ల గుచ్చి రంగు గుడ్డపీలిక కట్టాం. పీలిక మొక్కకు కట్టకూడదు, పిలకలు వేసేకొద్దీ బిగుసుకుంటుంది. చీటీలో వచ్చిన చోట దుబ్బు చచ్చిపోయి ఖాళీగా ఉంటే, ఆ సంగతి రాసి, అదే వరుసలో తర్వాతి దుబ్బు తీసుకోవాలి. ఖాళీలు ఎన్నో వేరే రాయాలి.

ఇంత తతంగం ఎందుకో ఒక లెక్క చెబుతాను. నాటిన 45వ రోజున, మొదటి జతలో పదిహేను రోజుల మడి పది దుబ్బుల పిలకలు ఇవి: 14, 17, 11, 16, 13, 18, 12, 15, 16, 14. మొత్తం 146, సగటు 14.6. నేను రాసుకుంటుంటే పక్క పొలం రైతు ఒకాయన గట్టు మీద నుంచి చూసి, "ఆ పదకొండుది ఎందుకమ్మా రాస్తావు? ఇదిగో ఈ దుబ్బు చూడు, ఇరవై నాలుగు పిలకలు, ఇది రాసుకో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, ప్రకృతి వ్యవసాయానికి మంచి పేరు రావాలని. ఆ దుబ్బు నిజంగానే బాగుంది. అది బోదె పక్క వరుసలోది. 11 తీసేసి 24 రాస్తే మొత్తం 159 అవుతుంది, సగటు 15.9. ఒక్క దుబ్బు మార్చితే సగటు 1.3 పిలకలు పెరిగింది. రెండు పద్ధతుల మధ్య మేం వెతుకుతున్న తేడా కూడా ఆ మాత్రమే ఉండొచ్చు. ఆ దుబ్బును ఫోటో తీసి ఆయనకు చూపించాను, పుస్తకంలో మాత్రం పదకొండే ఉంచాను.

లెక్కపెట్టే మనిషి గురించి కూడా ఒక మాట. నాతో ఇంకో ఇంటర్న్ ఉంది. తను అప్పుడే మొలిచిన బుల్లి పిలకను కూడా లెక్కపెడుతుంది, నాకు అది పిలకలా కనిపించదు. ఒకరు పదిహేను రోజుల మడులు, ఇంకొకరు నెల మడులు పంచుకుంటే మా ఇద్దరి చూపులో తేడా జీవామృతం తేడాలా కనిపిస్తుంది. అందుకే జతలు పంచుకున్నాం. ఒక జతలో రెండు మడులూ ఒకే మనిషి, ఒకే పొద్దున లెక్కపెట్టాలి. ఒక ఆకు పూర్తిగా విచ్చుకుంటేనే పిలక అని ఇద్దరం ముందే మాట అనుకుని, దాన్ని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం.

సున్నాకు, ఖాళీకి తేడా

పుస్తకం గురించి చెప్పాలంటే, పెన్సిల్ వాడతాం. వాన చినుకు పడితే ఇంకు కారిపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది. తప్పు రాస్తే చెరపడం ఉండదు, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాస్తాం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. చూశాను, పురుగు లేదు అంటే 0. చూడలేదు అంటే అడ్డగీత. ఖాళీ వదలకూడదు. పది రోజుల తర్వాత ఆ ఖాళీ గడి చూస్తే, అక్కడ పురుగు లేదో, వానకు మనమే ముందే ఇంటికి వచ్చేశామో గుర్తుండదు. ఆ గడిని సున్నాగా తీసుకుంటే లేని శుభవార్త పుడుతుంది.

ఆ 45వ రోజునే ఈ లెక్క పిన్నికి పనికొచ్చింది. మొవ్వులు ఎండి కనిపిస్తున్నాయని ఆవిడ కంగారుపడి, అగ్నిఅస్త్రం కొడదామా అని అడిగింది. గుర్తుపెట్టిన పది దుబ్బుల్లో చూశాం. ఎండిన మొవ్వును మెల్లగా లాగితే సులువుగా ఊడి వచ్చి, అడుగు కొరికినట్టు, కుళ్లినట్టు ఉంటే అది కాండం తొలిచే పురుగు. మొవ్వు ఎండకుండా ఉల్లికాడలా గొట్టంగా, వెండిరంగులో వస్తే అది ఉల్లికోడు. పిలకే మొదలంటా ఏటవాలుగా తెగి ఉంటే ఎలుక. ఈ మూడింటినీ మొవ్వు పోయిందని ఒకే గడిలో రాస్తే ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు.

146 పిలకల్లో కాండం తొలిచే పురుగు వల్ల చనిపోయిన మొవ్వులు 5. అంటే 3.4 శాతం. పిలకల దశలో 5 శాతం దాటితే నష్టం స్థాయి అని మాకు పాఠాల్లో చెప్పింది. మిగతా మడుల్లోనూ దానికి లోపలే ఉంది. ఆగుదాం, మూడు రోజులకోసారి చూద్దాం అనుకున్నాం. కొట్టాల్సి వస్తే మాత్రం ఎనిమిది మడులకూ ఒకే రోజు, ఒకే మోతాదులో కొట్టాలని కూడా అనుకున్నాం. ఎండిన మొవ్వులు కనబడిన మడికే కొడితే, కోతనాడు తేడా జీవామృతానిదో అగ్నిఅస్త్రానిదో చెప్పలేం. చివరికి అవసరం రాలేదు. ఈనిన తర్వాత తెల్లకంకులను కూడా ఇలాగే చూశాం. లాగితే ఊడి వచ్చేది పురుగుది. మెడ దగ్గర నల్లబడి కంకి వాలిపోతే అది మెడవిరుపు, వేరే గడి.

కోతనాడు తూకం, తేమ

కోత రోజు ముందు అంచు వరుసలు కోసి పక్కన పడేశాం. తర్వాత కోత మడి కోసి, ఏ మడిది ఆ మడికి వేరే టార్పాలిన్ మీద నూర్చి, తూర్పారబట్టి తాలు తీసేశాం. సంచిలో లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. బయటిది తడిసినా, ఊడినా లోపలిది ఉంటుంది.

తూకంలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు, మా కోత మడి 13.44. భాగిస్తే 301. అంటే మడిలో ఒక కిలో ఎకరాకు 301 కిలోలు. తూకంలో 100 గ్రాములు అటూఇటూ అయితే ఎకరాకు 30 కిలోలు మారిపోతాయి. ఖాళీ సంచి బరువు తీసేయడం మరిచిపోతే చాలు, లేని ధాన్యం పుట్టుకొస్తుంది. అందుకే కొలిచి నింపిన నీళ్లతో ముందు కాటా సరిచూశాం. ఒక లీటరు నీరు ఒక కిలో తూగాలి.

మొదటి జత తూకాలు ఇవి. పదిహేను రోజుల మడి 7.60 కిలోలు. నెల మడి 7.35 కిలోలు. తేడా పావుకిలో, ఎకరాకు 75 కిలోలు, సరిగ్గా ఒక బస్తా. పిన్ని వెంటనే అంది: "సూసావా, బస్తా పోద్ది. మోయక తప్పదు." అక్కడితో ఆపేసి ఉంటే ఆవిడ ఏటా ఆ రెండు విడతలు అదనంగా మోస్తూనే ఉండేది.

కానీ ధాన్యంలో నీళ్లు కూడా తూగుతాయి. పదిహేను రోజుల మడి ఇంకా కాస్త పచ్చిగా ఉంది, కంకుల్లో కింది గింజలు గట్టిపడుతున్నాయి. ధాన్యం తేమ చూసే మీటరుతో ఒక్కో సంచిలో పైన, మధ్య, అడుగు నుంచి మూడుసార్లు చూసి సగటు తీశాం. పదిహేను రోజుల మడి ధాన్యంలో 22 శాతం తేమ, నెల మడి ధాన్యంలో 17.5 శాతం. ఈ రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు పోల్చకూడదు. ఒకే తేమకు తేవాలి. వరికి 14 శాతం తేమ మీద లెక్క చెప్పడం ఆనవాయితీ.

లెక్క తేలికే. 22 శాతం తేమ ఉంటే మిగతా 78 శాతం గట్టి పదార్థం. 14 శాతం తేమున్న ధాన్యంలో గట్టి పదార్థం 86 శాతం. కాబట్టి 7.60ని 78తో గుణించి 86తో భాగిస్తే 6.89 కిలోలు. అలాగే 7.35ని 82.5తో గుణించి 86తో భాగిస్తే 7.05 కిలోలు. ఫోన్‌లో షీట్ వాడేవాళ్లు తూకం ఒక గడిలో, తేమ పక్క గడిలో వేసి ఇది రాసుకోవచ్చు:

```
=ROUND(B2*(100-C2)/86, 2)
```

ఇప్పుడు చూడండి. ముందు ఎకరాకు ఒక బస్తా ఎక్కువ కనిపించిన మడి, తేమ సరిచేశాక ఎకరాకు 48 కిలోలు తక్కువ అయింది. ధాన్యం మారలేదు. అదనంగా తూగింది నీరు.

మీటరు దొరకకపోతే ఏం చేయాలి? ప్రతి సంచి నుంచి సరిగ్గా ఒక కిలో తీసి, అన్నింటినీ ఒకే టార్పాలిన్ మీద వేర్వేరుగా, ఒకే మందంలో ఎండబెట్టండి. వరుసగా రెండు సాయంత్రాలు తూకం మారకపోతే అవి దాదాపు ఒకే తేమకు వచ్చినట్టు. ఒక కిలో 880 గ్రాములైతే సంచి మొత్తాన్ని 0.88తో గుణించండి. ఇది 14 శాతం అని చెప్పలేం గానీ, ఒక మడిని పక్క మడితో పోల్చడానికి సరిపోతుంది.

నాలుగు జతలు ఏం చెప్పాయి?

ఒక్క జతతో తీర్పు చెప్పకూడదు, అందుకే నాలుగు పెట్టాం. తేమ సరిచేశాక, పదిహేను రోజుల మడిలోంచి నెల మడిని తీసేస్తే వచ్చిన తేడాలు ఇలా ఉన్నాయి. మొదటి జతలో 0.16 కిలోలు తక్కువ. రెండో జతలో 0.24 ఎక్కువ. మూడో జతలో 0.09 తక్కువ. నాలుగో జతలో 0.35 ఎక్కువ.

నాలుగింటి సగటు 0.085 కిలోలు ఎక్కువ. ఎకరాకు దాదాపు 26 కిలోలు. అయితే నాలుగో జత పేజీలో నాటిన 88వ రోజు దగ్గర ఒక మాట రాసి ఉంది: "నెల మడి, కోత మడిలోపల 14 దుబ్బులు ఎలుక కొట్టింది." పటంలో చోటు కూడా గుర్తుపెట్టాం. 336లో 14 దుబ్బులంటే 4 శాతం పైనే. ఆ మడిలో వచ్చిన ధాన్యం 6.67 కిలోలు. మిగిలిన 322 దుబ్బుల సగటున ఆ 14 కూడా కాసి ఉంటే ఇంకో 0.29 కిలోలు వచ్చేవి. అంటే నాలుగో జతలో కనిపించిన 0.35 తేడాలో చాలావరకు ఎలుకదే.

అలాగని ఆ 0.29 కలిపేసి పుస్తకంలో రాయలేదు. కాటా మీద తూగినదే రాయాలి, ఊహ పక్కన వేరేగా రాయాలి. చేసిందల్లా, లెక్కను రెండు విధాలా చూడటం. నాలుగో జతతో కలిపితే ఎకరాకు 26 కిలోలు ఎక్కువ. అది తీసేస్తే మిగతా మూడు జతల్లో తేడా ఎకరాకు ఒక కిలో, అంటే లేనట్టే. 88వ రోజున ఆ ఒక్క వాక్యం రాసి ఉండకపోతే, కోతనాడు ఎలుక సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. దాని నష్టం జీవామృతం లాభం కింద జమ అయ్యేది.

దీని అర్థం ఎంతవరకో కూడా పిన్నికి చెప్పాలి. తేడా జతకూ జతకూ 0.16 తక్కువ నుంచి 0.35 ఎక్కువ దాకా ఊగింది. ఎకరా లెక్కన అది రెండు బస్తాల ఊపు. ఇంత ఊపులో అరబస్తా లాభం నిజంగా ఉన్నా ఈ పరీక్షకు కనబడదు. రెండు మూడు బస్తాలు పోయే పరిస్థితి ఉంటే నాలుగు జతల్లోనూ ఒకే వైపు కనిపించి ఉండేది. కనిపించలేదు. ఇది ఒక పొలం, ఒక ఖరీఫ్. ఆ నేలకు ముందు మూడేళ్లుగా ఘనజీవామృతం పడుతోంది. కొత్తగా రసాయనాలు మానేసిన నేలలో జవాబు వేరేలా ఉండొచ్చు. ఇక్కడి అంకె తీసుకుని మీ పొలంలో విడతలు తగ్గించేయకండి.

పిన్ని అంతా విని కాసేపు ఆలోచించింది. రెండు విడతలు తగ్గితే రెండెకరాలకు 800 లీటర్ల మోత తగ్గుతుంది. "అయితే వచ్చే ఏడు ఒక ఎకరం అలాగ, ఒక ఎకరం ఇలాగ సేస్తాను. ఆ పుస్తకం నాకుంచెయ్" అంది. పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది, నేను ఫోటోలు తీసుకున్నాను.

మీ పొలంలో చూడాలంటే

మడులు, బోదెలు వేసే తీరిక అందరికీ ఉండదు. రెండు పద్ధతులు పక్కపక్క చేలలో చేస్తున్నవాళ్లు కోతనాడు చతురస్రం కోసి తూచినా కొంత తెలుస్తుంది. ప్రభుత్వ పంట కోత ప్రయోగాల్లో వరికి వాడే కొలత 5 × 5 మీటర్లు, అదే తీసుకోండి. చోటు కంటితో ఎంచకండి. ఒక మూల నుంచి ఎన్ని అడుగులు పొడవున, ఎన్ని అడుగులు అడ్డంగా నడవాలో ఇంట్లోనే చీటీ తీసి, అక్కడికి వెళ్లి నాలుగు మేకులు దిగేసి తాడు కట్టండి. బాగోలేని చోటు వచ్చినా అక్కడే కోయాలి. ఒక్కో చేలో కనీసం మూడు చోట్ల కోయండి. తేమ సరిచేసిన తూకాన్ని 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది.

పంటకాలమంతా అంకెలు రాయలేకపోయినా, మూడు సంగతులు మాత్రం తేదీతో రాసిపెట్టండి: ఏ రోజు ఏ చేనుకు ఏమిచ్చారు, నీరు ఎప్పుడు ఒక చేలోంచి ఇంకో చేలోకి పారింది, ఎలుకో పురుగో ముంపో ఎక్కడ ఎంత మేర కొట్టింది. కోతనాడు అంకె చూసి ఇలా ఎందుకు వచ్చిందని అడిగితే జవాబు ఆ మూడింటిలోనే దొరుకుతుంది.

మీరు ఇలా తూచి చూసి ఉంటే, తక్కువ వచ్చిన చేను అంకె కూడా కింద రాయండి. తేమ ఎంతో, ఎన్ని చోట్ల కోశారో కూడా రాస్తే మిగతా రైతులకు పోల్చుకోవడానికి వీలవుతుంది.